లైసిన్ కుమ్మక్కు: ఒక ఫార్వర్డ్ మెసేజ్‌కి జవాబు

“కంపెనీలు కూర్చుని ఒక రేటు అనుకుంటే అది వాళ్ల వ్యాపారం, మనకేం పోయింది? మరీ ఎక్కువ పెడితే ఇంకో కంపెనీ వచ్చి తక్కువకి అమ్ముతుంది. పైగా ఈ పోటీ చట్టం రేటు తగ్గించి అమ్మినవాడి మీద కూడా కేసు పెడుతుంది! చివరికి ఆ ఫైన్ కూడా మన బిల్లులోనే వేస్తారు.”

మొదటి మాటతో మొదలుపెడతాను. లైసిన్ అని ఒక అమైనో ఆమ్లం ఉంది. కోళ్లు, పందులు త్వరగా పెరగడానికి దాణాలో కలుపుతారు. మనలో ఎవరూ దాన్ని దుకాణంలో అడిగి కొనం, చాలామంది పేరు కూడా విని ఉండరు. 1990ల మొదట్లో ప్రపంచం మొత్తానికి దాన్ని అమ్మేది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని కంపెనీలు: అమెరికాలో ఆర్చర్ డేనియల్స్ మిడ్‌ల్యాండ్ (ఏడీఎం), జపాన్ నుంచి అజినోమోటో, క్యోవా హక్కో, కొరియా నుంచి రెండు.

1992 జూన్‌లో వీళ్లలో ముఖ్యులు మెక్సికో సిటీలో కలిసి ధర మాట్లాడుకున్నారు. అప్పటికి పౌను 60-70 సెంట్ల దగ్గర ఉన్న లైసిన్, ఆ ఏడాది ముగిసేలోపు డాలరు చుట్టుపక్కలకి వెళ్లింది. ఈ పెంపు మొదట పడింది దాణా తయారీదారు మీద. అతను కొంత తను భరించి మిగతాది రైతు మీద వేస్తాడు, రైతు మాంసం కంపెనీ మీద వేస్తాడు, అలా దిగుతూ దిగుతూ వంటింటికి వస్తుంది. ఏ మెట్టు దగ్గర ఎంత ఆగుతుందన్నది అక్కడ పోటీ ఎంత ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. కానీ చివరి మెట్టు మీద ఉన్నవాడికి తన డబ్బు ఎక్కడ పోయిందో తెలిసే దారే లేదు. తెలిసినా అడగడం కష్టం: 1977లో ఇల్లినాయిస్ బ్రిక్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఫెడరల్ చట్టం కింద నష్టపరిహారం అడిగే హక్కు సాధారణంగా నేరుగా కొన్నవాడికే ఉంటుందని చెప్పింది. చికెన్ కొన్న మనిషి లైసిన్ నేరుగా కొనలేదు కదా. కొన్ని రాష్ట్రాల చట్టాలు ఆ తలుపు కొంచెం తెరిచాయి, అంతే.

ఈ కుమ్మక్కుకి వీడియో సాక్ష్యం ఉంది. ఏడీఎంలో పెద్ద హోదాలో ఉన్న మార్క్ విటాకర్ 1992 చివరి నుంచి ఎఫ్‌బీఐకి రహస్యంగా సహకరించాడు. 1995 జనవరిలో అట్లాంటాలో ఒక హోటల్ గదిలో వీళ్లు కలిసినప్పుడు కెమెరా నడుస్తోంది. ఇంకా రానివాళ్ల కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఆ కుర్చీలు ఎవరికో అని సరదాగా చెప్పుకున్నారు: ఒకటి టైసన్‌కి, ఒకటి కాన్‌ఆగ్రాకి, ఒకటి ఎఫ్‌బీఐకి. టైసన్, కాన్‌ఆగ్రా అంటే వాళ్ల దగ్గర సరుకు కొనే కస్టమర్లు! పోలీసుని, కస్టమర్‌ని ఒకే వరసలో కూర్చోబెట్టి నవ్వుకున్నవాళ్ల లెక్క మనకి సంబంధం లేనిదని ఎలా అనగలం? ఆ నవ్వు గురించి చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది.

రెండో మాట నిజానికి ఈ కేసులోనే పరీక్షకి నిలబడింది. కొత్త కంపెనీ వచ్చింది. అదే ఏడీఎం. 1991లో ఇల్లినాయిస్‌లోని డెకాటర్‌లో భారీ ప్లాంటు తెరిచింది. పౌను డాలరు పైన ఉన్న ధర దాదాపు సగానికి పడింది. మెసేజ్‌లో చెప్పినట్టే జరిగింది, కాకపోతే ఒక ఏడాది మాత్రమే. తర్వాత ఆ కొత్త కంపెనీయే పాతవాళ్లతో కూర్చుంది.

ఇంకొకరు ఎందుకు రాలేదంటే, లైసిన్ చేయాలంటే దాన్ని బాగా ఉత్పత్తి చేసే సూక్ష్మజీవి రకం కావాలి, పెద్ద పెద్ద ట్యాంకులు కావాలి, చవకగా చక్కెర పదార్థం దొరకాలి. డబ్బు పెట్టినవాడు సరుకు తీసేసరికి ఏళ్లు పడుతుంది. లోపల ఉన్నవాళ్లు ఆ ఏళ్లన్నీ వసూలు చేసుకోవచ్చు.

అయితే కుమ్మక్కు దానంతట అది కూలిపోతుందని కొందరు అంటారు. అందులో కొంత నిజం ఉంది. ధర పెంచాక ప్రతి కంపెనీకీ దొంగచాటుగా ఇంకాస్త ఎక్కువ అమ్ముకోవాలనిపిస్తుంది. 1993లో అలాగే జరిగి రేటు మళ్లీ పడింది. దానికి వాళ్లు మందు కనిపెట్టారు. ఆ అక్టోబర్‌లో కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో కలిసి, రేటుతో పాటు ఎవరు ఎన్ని టన్నులు అమ్మాలో కూడా పంచుకున్నారు. నెలనెలా అమ్మకాల లెక్క ఇచ్చిపుచ్చుకోవాలి. ఏడాది చివర వాటాకి మించి అమ్మినవాడు, తక్కువ అమ్మినవాడి దగ్గర సరుకు కొనాలి. ఈ ఒక్క నియమంతో దొంగచాటు అమ్మకానికి లాభం లేకుండా పోయింది. ఇంత కట్టుదిట్టంగా కట్టిన గోడ తనంతట కూలదు. 1995 జూన్‌లో ఎఫ్‌బీఐ సోదాలు చేస్తే కూలింది.

మూడో మాటలో సగం నిజం ఉంది కాబట్టే అది ప్రమాదకరం. ఆధిపత్య స్థానంలో ఉండటం నేరం కాదు, చవగ్గా చేసి చవగ్గా అమ్మడం అసలే కాదు. యూరప్‌లో అక్జో కేసు చూడండి. పిండిని తెల్లబరచడానికీ ప్లాస్టిక్ తయారీకీ వాడే ఆర్గానిక్ పెరాక్సైడ్లు అనే రసాయనాల మార్కెట్లో అక్జో పెద్ద కంపెనీ. ఈసీఎస్ అనే చిన్న బ్రిటిష్ కంపెనీ పిండి మిల్లులకి ఆ రసాయనం అమ్ముకుని బతికేది. 1979లో అది ప్లాస్టిక్ కంపెనీలకి కూడా అమ్మడం మొదలుపెట్టింది. ప్లాస్టిక్ అంటే అక్జో అసలు కోట. అప్పుడు అక్జో వాళ్లు వచ్చి, ప్లాస్టిక్ వదిలేయకపోతే పిండి మిల్లుల దగ్గర నీ రేటు విరగ్గొడతామని బెదిరించారు. ఈసీఎస్ వదలలేదు. అన్నట్టే ఈసీఎస్ కస్టమర్లకి రేట్లు తెగ తగ్గించారు. తనకి ముఖ్యమైన మార్కెట్‌ని తాకకుండా, అవతలివాడి పొయ్యి మీద నీళ్లు పోశారు.

1991లో యూరప్ కోర్టు ఒక గీత గీసింది. ఒక్కో కిలో చేయడానికి పట్టే ముడిసరుకు, కరెంటు లాంటి ఖర్చు కన్నా కూడా తక్కువకి ఆధిపత్య కంపెనీ అమ్ముతుంటే, అమ్మిన ప్రతి కిలోకీ నష్టమే. పోటీదారుని పడగొట్టడం తప్ప దానికి వేరే అర్థం ఉండదని కోర్టు భావించింది. ఆ ఖర్చుకి పైన, కానీ జీతాలూ ప్లాంటూ కలిపిన మొత్తం ఖర్చుకి కింద ఉంటే, పడగొట్టే పథకం ఉందని చూపించాలి. ఆ తగ్గింపు రేటు మిల్లులకి కొన్నాళ్లు హాయిగానే ఉంటుంది. ఈసీఎస్ లాంటివాడు పోయాక రేటు చెప్పేది ఒక్కడే.

ఇక ఫైన్. 1996లో ఏడీఎం నేరం ఒప్పుకుని 10 కోట్ల డాలర్లు కట్టింది, అందులో 7 కోట్లు లైసిన్‌కి, 3 కోట్లు సిట్రిక్ ఆమ్లం కుమ్మక్కుకి. ఈ డబ్బు రేటులో కలిపేస్తారంటే, కలిపాక కస్టమర్ పక్క కంపెనీకి పోకుండా ఆపేది ఎవరు? ఆపింది ఇన్నాళ్లూ ఆ ఒప్పందమే, అది ఇప్పుడు లేదు. ఇంకా పెంచగలిగే వీలుంటే కుమ్మక్కు రోజుల్లోనే పెంచేవాళ్లు, ఫైన్ పడేదాకా ఆగరు.

పైగా శిక్ష ఫైన్ ఒక్కటే కాదు. 1998లో ఏడీఎం అధికారులు ముగ్గురిని జ్యూరీ దోషులుగా తేల్చింది, జైలు శిక్ష పడింది. వాళ్లలో కంపెనీ అధిపతి కొడుకు మైఖేల్ ఆండ్రియాస్ ఉన్నాడు, మొదట రహస్యం చెప్పిన విటాకర్ కూడా ఉన్నాడు. జైల్లో గడిపే ఏడాదిని ఎవరి బిల్లులోనూ వేయలేరు.