శవం చుట్టూ సమైక్యత

సమాజశాస్త్రంలో ఎన్నో సిద్ధాంతాలు వచ్చాయి, పోయాయి. ఒక్కటి మాత్రం ఇంతవరకు ఓడిన దాఖలా లేదు. మతం ఎందుకు ఉందయ్యా అంటే సమాజాన్ని కలిపి ఉంచడానికి అంటుంది ఆ సిద్ధాంతం. పాఠ్యపుస్తకాల్లో దాని పేరు ప్రకార్యవాదం. అది ఓడకపోవడానికి కారణం దాని బలమా, లేక ఓటమి ఎలా ఉంటుందో అది ఎన్నడూ చెప్పకపోవడమా అని గిట్టనివాళ్లు గొణుగుతుంటారు. ఆ గొణుగుడు నోరు మూయించి సిద్ధాంతం పరువు నిలబెట్టాలని ఈ వ్యాసకర్త కంకణం కట్టుకున్నాడు.

మూలపురుషుడు ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమిల్ డర్క్‌హైమ్. ఆస్ట్రేలియా ఆదిమవాసులు ఏడాదిలో ఎక్కువ కాలం చిన్న చిన్న గుంపులుగా చెదిరి తిండి వెతుక్కుంటారని, కొన్ని రోజులు మాత్రం అందరూ ఒకచోట చేరి ఆడి పాడి పూనకంతో ఊగిపోతారని ఆయన ఇతరుల నివేదికల్లో చదివాడు. తాను మాత్రం ఆస్ట్రేలియా గడప తొక్కలేదు. ఆ ఊపులో ఒక్కొక్కరికీ తనకంటే పెద్ద శక్తి ఏదో తనను ఆవహించినట్టు అనిపిస్తుంది. ఆ శక్తి నిజమే గాని దాని చిరునామా ఆకాశం కాదు, పక్కన నిలబడ్డ జనమే అన్నాడు. దేవుడి పేరుతో సమాజం తనకు తానే మొక్కుకుంటోందన్నమాట. ఇది మామూలు ఊహ కాదు. జాతర చూసిన వాడెవడూ దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేడు.

అయితే 1912 నాటి తన గ్రంథంలో ఆయన మతానికి ఇచ్చిన నిర్వచనంలోనే ఒక చమత్కారం ఉంది. పవిత్రమైన వాటికి సంబంధించిన నమ్మకాలు, ఆచారాలు కలిసి, వాటిని పాటించేవారందరినీ ఒకే నైతిక సమూహంగా ఏకం చేస్తే దాన్ని మతం అంటారట. కలపడం అనేది ముందే నిర్వచనంలోకి ఎక్కి కూర్చుంది. ఆ తర్వాత కొన్ని వందల పుటలు నడిచి, మతం జనాన్ని కలుపుతుందని కనుగొన్నాడు. పరీక్షకు ముందే మార్కులు వేసి ఉంచిన ఇలాంటి ఏర్పాటును గిట్టనివాళ్లు వలయ తర్కం అంటారు. మనం దూరదృష్టి అందాం.

ఇక అసలు కేసుకు వద్దాం. ఈ సిద్ధాంతానికి ఎదురుగా సాక్షిని నిలబెట్టినవాడు క్లిఫర్డ్ గీర్ట్జ్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త. 1950ల తొలి సంవత్సరాల్లో ఇండోనేషియాలోని తూర్పు జావాలో ఒక చిన్న పట్టణంలో ఉండి పరిశోధన చేశాడు. ఊరి అసలు పేరు దాచి మొజోకుటో అని పెట్టాడు. అక్కడ తాను చూసిన ఒక అంత్యక్రియ గురించి 1957లో వ్యాసం ప్రచురించాడు. ప్రకార్యవాదానికి అది పెద్ద తలనొప్పి. అందుకే దాన్ని మనమే ముందు ఎదుర్కోవడం మర్యాద.

జావాలో పుట్టుక, పెళ్లి, చావు, ఏదైనా స్లమెతాన్ అనే చిన్న విందుతో ముగుస్తుంది. ఇరుగుపొరుగు మగవాళ్లు వస్తారు, ధూపం వేస్తారు, అరబ్బీ ప్రార్థన చదువుతారు, కాసింత అన్నం తిని మిగిలింది పొట్లం కట్టుకుని ఇంటికి పోతారు. ఎవరు వస్తారు అంటే చుట్టాలు కాదు, స్నేహితులు కాదు, ఆ ఇంటి చుట్టూ కాపురమున్నవాళ్లు. వాళ్లలో ఖురాన్ నియమాలను పట్టుదలగా పాటించే సంత్రీలూ ఉంటారు, ఇస్లాంతో పాటు పాత ఆత్మలనూ హిందూ ఛాయలనూ కలుపుకుని బతికే అబంగన్లూ ఉంటారు. ఒకే చాప మీద కూర్చుంటారు. ప్రకార్యవాది కలలో కనిపించే దృశ్యం ఇదే.

ఆ పట్టణంలో మేనమామ ఇంట్లో పెరుగుతున్న పదేళ్ల పిల్లవాడు హఠాత్తుగా చనిపోయాడు. జావా పద్ధతి ప్రకారం శవాన్ని ఆలస్యం లేకుండా ఖననం చేయాలి. ఆత్మ ఇంటి చుట్టూ తిరుగుతుంటుంది కనుక బంధువులు బిగ్గరగా ఏడవకూడదు, మనసును సమంగా ఉంచుకోవాలి. స్నానం చేయించడం, గుడ్డ చుట్టడం, ప్రార్థన అన్నీ మోదిన్ అనే మత ఉద్యోగి చేతుల మీదుగా జరగాలి. కబురు అందుకుని మోదిన్ వచ్చాడు. వాకిట్లోకి రాగానే గుమ్మం మీద ఒక పార్టీ చిహ్నం చూశాడు.

ఆ పార్టీ పేరు పెర్మాయ్. మార్క్సిజాన్నీ పాత జావా నమ్మకాలనూ కలిపి, ఇస్లాం మనది కాదని ప్రచారం చేస్తున్న పార్టీ. మోదిన్ వైపు వాళ్లదేమో మస్జుమి, అంటే ఇస్లామిక్ పార్టీ. మోదిన్ చాలా వినయంగా, తనకు ఇస్లాం పద్ధతి తప్ప వేరే మతం పద్ధతి తెలియదని, అందువల్ల ఈ క్రతువు చేయలేనని చెప్పాడు. మేనమామ బతిమాలాడు, కోప్పడ్డాడు. శవం స్నానం లేకుండా అలాగే ఉంది. వచ్చిన జనం రెండు గుంపులుగా విడిపోయి, ఏం చేయాలో తెలియక కూర్చున్నారు. ఆడవాళ్లు నిగ్రహం తప్పి ఏడవసాగారు. చివరికి నగరం నుంచి పిల్లవాడి కన్నతల్లిదండ్రులు వచ్చారు. ఇస్లాం పద్ధతిలోనే కానిమ్మని తండ్రి అన్నాక ఖననం జరిగింది.

మతం కలపలేదు సరికదా, చావు తెచ్చిన శోకానికి తోడు ఒక రాజకీయ సభను కూడా తెచ్చిపెట్టింది. సిద్ధాంత పక్షాన ఇక వాదనలు మొదలుపెడదాం.

మొదటి వాదన చాలామందికి ఇష్టమైనది. మతం బలహీనపడటం వల్లే ఇలా జరిగిందని. అక్కడి జనంలో భక్తి తగ్గింది, ఆచారం పట్టు సడలింది, అందుకే చీలిక. వినడానికి బాగుంది గాని గీర్ట్జ్ ఈ దారిని ముందే మూసేశాడు. భక్తి తగ్గి ఉంటే మేనమామ ఎవరో ఒకరి చేత మట్టి వేయించి ఊరుకునేవాడు. మోదిన్ కూడా రెండు మాటలు చదివి వెళ్లిపోయేవాడు. పాత పద్ధతిలో తప్ప శవం లేవకూడదన్నది ఆ వాకిట్లో అందరి పట్టు, పెర్మాయ్ వాళ్లతో సహా. క్రతువు మీద అందరికీ అంత గట్టి నమ్మకం ఉండబట్టే అది అంతగా ఇరుక్కుపోయింది. మారింది నమ్మకం కాదు, చుట్టూ ఉన్న జీవితం. పల్లెలో ఎవరు ఎవరివాడో పొరుగు చెప్పేది. పట్టణంలో దాన్ని చెప్పేది వృత్తి, వర్గం, పార్టీ. స్లమెతాన్ మాత్రం ఇంకా పొరుగువాళ్లనే పిలుస్తోంది. సమాజం పాతదై క్రతువు కూడా పాతదైతే రెండూ ఒకదానికొకటి సరిపోతాయి. ఒకటి కదిలి ఇంకొకటి కదలకపోతే ఏమవుతుందో చెప్పే భాష ఈ సిద్ధాంతంలో లేదని ఆయన అభియోగం. మొదటి వాదన వీగింది.

రెండో వాదన మరింత చురుకైనది. పెర్మాయ్ వాళ్లందరూ ఒకటయ్యారా లేదా? మస్జుమి వాళ్లందరూ ఒకటయ్యారా లేదా? అయితే మతం ఒకసారి కాదు, రెండుసార్లు కలిపింది. ఇంత సులువైన గెలుపు మరో శాస్త్రంలో దొరకదు. ఊరు కలిసి ఉంటే మతం కలిపింది, రెండుగా చీలితే మతం రెండుచోట్ల కలిపింది, నాలుగుగా చీలితే ఇంకా గొప్ప. ఏ ఫలితం వచ్చినా నెగ్గే వాదన ఏ ఫలితాన్నీ ముందుగా చెప్పలేదని ఎవరైనా అంటే, మనకు జోస్యం పని లేదని చెప్పవచ్చు.

మూడో వాదన, ప్రయోజనం లోపల దాగి ఉందనడం. ఈ సాధనాన్ని మనకు పదునుపెట్టి ఇచ్చినవాడు అమెరికా సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్. అమెరికా ఆదిమవాసుల్లో హోపీ తెగవారు వాన కోసం నాట్యం చేస్తారు, వాన రాకపోయినా చెల్లాచెదురైన జనం ఒకచోట చేరి ఒకే పనిలో పాల్గొంటారు, చేసేవాళ్లకు తెలియని ప్రయోజనం అదే అన్నాడు. ఇక్కడితో ఆగి ఉంటే ఆయనకు గుడి కట్టేవాళ్లం. కానీ అదే 1949 వ్యాసంలో సొంతింటి వాళ్లనే నిలదీశాడు. సమాజమంతా ఒకే ముక్క అని ఎవరు చెప్పారు? ఉన్న ప్రతి ఆచారానికీ మేలు చేసే గుణం తప్పనిసరిగా ఉండాలా? ఆ మేలు ఆ ఆచారమే చేయాలా, ఇంకొకటి చేయకూడదా? చదువురాని చిన్న సమాజాల్లో, ఒకే మతం ఉన్నచోట చూసిన దాన్ని, అనేక మతాలు పక్కపక్కన ఉన్న దేశాలకు ఎలా అతికిస్తారని కూడా అడిగాడు. యూరప్‌లో మతయుద్ధాలు జరిగాయి కదా అని గుర్తుచేశాడు. బంధువు పెట్టే కేసు ఎప్పుడూ కష్టమే.

మూడో వాదనలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నాట్యం వల్ల జనం కలిశారు సరే. అందుకే నాట్యం పుట్టిందా? ఫలితం కారణం కంటే ముందు వచ్చి కారణాన్ని ఎలా పుట్టించింది? ఆ ప్రయోజనం ఎవరికీ తెలియదని మనమే అన్నాం గనుక, ఎవరూ దాన్ని కోరి నాట్యాన్ని నిలబెట్టలేదు. మరి నిలబెట్టిన యంత్రాంగం ఏది? కారణం వేరు, ప్రయోజనం వేరు, రెండూ విడివిడిగా వెతకాలని డర్క్‌హైమే 1895లో హెచ్చరించాడు. గురువుగారి మాటల్లో మనకు అనుకూలమైనవే వినడం శిష్యరికంలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి.

మెర్టన్ ప్రశ్నల వెనకాల ఇంకొకటి నిలబడి ఉంటుంది. మేలు అంటున్నారు, ఎవరికి మేలు? ఇది మర్యాదలేని ప్రశ్న. దీనికి మొజోకుటో దాకా పోనక్కరలేదు. తెలంగాణ పల్లెల్లో జోగినీ ఆచారం చూడండి. దళిత కుటుంబంలోని ఆడపిల్లను చిన్ననాడే ఎల్లమ్మకో పోచమ్మకో అంకితం చేస్తారు. ఇక ఆమెకు పెళ్లి లేదు. జాతరలో, శవయాత్రల్లో ఆమె ఆడాలి. ఊరి పెద్దమనుషులకు ఆమె అందుబాటులో ఉండాలి. ఊరంతా జాతరకు వస్తుంది, అమ్మవారు చల్లగా చూస్తుంది, ఊరు ఒక్కటవుతుంది. సిద్ధాంతం ప్రకారం ఇంతకంటే నిఖార్సైన ఉదాహరణ ఉండదు. ఊరి సమైక్యతను కొలవడానికి వచ్చిన పరిశోధకుడు పెద్దమనిషిని అడిగితే ఇది ఊరి మేలు అంటాడు. జోగినిని అడగాలని ఆయనకు తోచదు, ఎందుకంటే ఆమె నాట్యమే ఆయన కొలుస్తున్న సమైక్యత.

మరి 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ జోగినీతో సహా దేవదాసీ అంకితాన్ని నేరంగా ప్రకటిస్తూ చట్టం చేసింది. సభ్యులెవరూ ప్రకార్యవాదం చదివినట్టు లేదు. ఒక్క కలం పోటుతో ఎన్నో ఊళ్ల సంఘీభావానికి గండి కొట్టారు. ఆ నష్టానికి ఎక్స్‌గ్రేషియా ఎంతో, ఏ శాఖకు దరఖాస్తు పెట్టుకోవాలో ప్రభుత్వం ఇంతవరకు ప్రకటించలేదు.