పెండింగులో 38,400

(తెనాలిలో ఓ ఆదివారం పొద్దున. నాయనమ్మ అరుగు మీద కూర్చుని గోంగూర ఆకు గిల్లుతోంది. మనవడు చింటు ఫోన్‌ని కిందకి లాగి వదుల్తున్నాడు, లాగి వదుల్తున్నాడు.)

నాయనమ్మ: ఏందిరా అది, ఉయ్యాలూపుతున్నట్టు?

చింటు: రిఫ్రెష్ కొడుతున్నా నాయనమ్మా. నాలుగు రోజులైంది, విత్‌డ్రా పెడితే పెండింగ్ అనే చూపిస్తోంది. బ్యాంకు సర్వర్ డౌన్ అనుకుంటా.

నాయనమ్మ: ఎంత?

చింటు: 38,400.

నాయనమ్మ: (చేతిలో కాడ ఆగిపోయింది) ఎక్కడివిరా నీకు?

చింటు: మ్యాచ్ మీద... అంటే ప్రిడిక్షన్ లాంటిది...

నాయనమ్మ: పందెం అను. మీ తాత కూడా పేకాటని కాలక్షేపం అనేవాడు. సరే, బ్యాంకులో ఇరుక్కుంటే ఏదో నంబరు ఉండాలిగా? మొన్న నా పెన్షన్ ఆగితే బ్యాంకు అమ్మాయి నంబరు చూసి చెప్పింది.

చింటు: యూటీఆర్ నంబరు. 12 అంకెలుంటాయి, యూపీఐలో వేస్తే. ఇందులో ఇంకా రాలేదు.

నాయనమ్మ: నంబరే రాకపోతే డబ్బు వాడి దగ్గర్నుంచి కదల్లేదన్నమాట. బ్యాంకునెందుకు తిడతావ్? వాడు పిడికిలి తెరవలా, అంతే.

చింటు: అబ్బా, నీకేం తెలీదు, ఊరికే కూడా ఆగుతాయి. ఒకటి నా పేరు చింటు అని పెట్టా, బ్యాంకులో వెంకట సాయి కృష్ణ అని ఉంది, పేరు కలవకపోతే కేవైసీ దగ్గర ఆపుతారు. ఇంకోటి బోనస్. 5,000 వేస్తే వాడు ఇంకో 5,000 కలిపాడు, రెండూ కలిపి 20 రెట్లు ఆడితేనే తీసుకోనిస్తాడంట, కింద చిన్నక్షరాల్లో ఉంది, నేను తర్వాత చూశా.

నాయనమ్మ: 10,000కి 20 రెట్లు అంటే 2 లక్షలు! నువ్వెంత ఆడావు?

చింటు: అన్నీ కలిపి 46,000 దాకా.

నాయనమ్మ: అయితే ఇంకా లక్షన్నర పైన పందెం కాయాలి. ఈలోపు ఉన్నవీ పోతాయి. బాగుందిరా, ఉచితంగా దూడనిచ్చి పాలన్నీ తాగించినట్టు.

చింటు: పోనీ ఆధార్ అదీ పంపి పేరు సరిచేసుకుంటే...

నాయనమ్మ: అది నిజమైన షాపుకైతే సరే. ఇది పక్కనే ఎర్రగా ఏదో బటన్ ఉందేంటి?

చింటు: క్యాన్సిల్ విత్‌డ్రా. పెండింగ్‌లో ఉన్నంతసేపు అది నొక్కితే డబ్బు మళ్ళీ ఆటలోకి వస్తుంది. పోయిన నెల 9,000 అలా వెనక్కి తెచ్చుకున్నా.

నాయనమ్మ: ఏవీ?

చింటు: ఒక ఓవర్లో పోయాయి.

నాయనమ్మ: అందుకే నాన్చుతున్నాడు వాడు, ఆ బటన్ నువ్వే నొక్కుతావని. చెయ్యి తీయ్ దాని మీద నుంచి! ఇందాకట్నుంచీ ఇంకేదో దాస్తున్నావ్, చెప్పు.

చింటు: ఏం లేదు... చాట్‌లో ఒకడున్నాడు, 30 శాతం టాక్స్ అంటే 11,520 ముందు కడితే గంటలో రిలీజ్ చేస్తానన్నాడు. నిజంగానే 30 శాతం ఉంది నాయనమ్మా, ఆన్‌లైన్ ఆటల గెలుపు మీద, నేను బీకాంలో చదివా.

నాయనమ్మ: నా ఎఫ్‌డీ మీద వడ్డీ వస్తే టాక్స్ ఎవరు కడుతున్నారు?

చింటు: బ్యాంకే కోసుకుని మిగతాది వేస్తుంది, నువ్వు పన్ను కోయొద్దని ఫారం ఇవ్వకపోతే.

నాయనమ్మ: ముందు నన్ను జేబులోంచి కట్టమని అడిగిందా ఎప్పుడైనా? పన్ను కోసేది సొమ్ములోంచే. మరి వీడి దగ్గర నీ 38,400 ఉండగా అందులోంచి కోసుకోకుండా వేరే తెమ్మంటాడేంది?

చింటు: ...

నాయనమ్మ: పైగా 11,520 ఎట్టా వచ్చింది? మొత్తం 38,400 మీద లెక్కేశాడు. నువ్వు పెట్టిన 5,000 కూడా నీ గెలుపేనా? అది తీస్తే 33,400, దాని మీద 10,020. బీకాం అంట.

చింటు: (చిన్నగా) అది నేను చూడలేదు.

నాయనమ్మ: టైపు చెయ్యి. 'పన్ను నా సొమ్ములోంచే కోసుకుని మిగతా 28,000 చిల్లర పంపండి' అని.

(చింటు టైపు చేశాడు. రెండు నిమిషాల్లో జవాబు.)

చింటు: 'డియర్ కస్టమర్, పాలసీ ప్రకారం బ్యాలెన్స్ నుంచి కుదరదు, ఈ యూపీఐకి వేయండి' అంట. పేరేమో ఏదో ట్రేడర్స్ అని ఉంది. నిన్న వేరే పేరు ఇచ్చాడు, ఎంటర్‌ప్రైజెస్.

నాయనమ్మ: నిన్న?! నిన్న ఎందుకిచ్చాడు పేరు?

చింటు: యాక్టివేషన్ ఫీజు... 2,000... రాత్రి పదింటికి కట్టా.

నాయనమ్మ: 1998లో మా చీటీలామె కూడా ఇదే. ఇంకో రెండు వాయిదాలు కట్టండి, అందరికీ ఒకేసారి ఇస్తా అంది. కట్టాం. తెల్లారేసరికి ఇంటికి తాళం. కనీసం ఆమెకి ఇల్లైనా ఉంది తాళం వేసుకోటానికి, వీడికి అదీ లేదు. ఆఫీసెక్కడ?

చింటు: కురసావ్ లైసెన్స్ అని ఉంది. వెస్టిండీస్ వైపు దీవి అది. ఇక్కడ కంప్లయింట్ తీసుకునే ఆఫీసేం లేదు. మనదగ్గర 2020 నుంచే ఆన్‌లైన్ పందేలు నేరం, 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడేవన్నీ నిషేధిస్తూ చట్టం తెచ్చింది. అందుకే పోలీసులకి ఎలా చెప్పాలని...

నాయనమ్మ: నువ్వు చెప్పలేవనే ధైర్యంతోనేగా వాడు అడుగుతున్నది. ఆమధ్య ఫోన్ చేస్తే ముందు ఎవరో వాగేవాళ్ళే, 1930 అని, దానికి కొట్టు. ఉన్నది ఉన్నట్టు చెప్పు.

చింటు: cybercrime.gov.in లో కూడా పెట్టొచ్చు. కానీ 38,400 రావుగా?

నాయనమ్మ: అవి డబ్బులు కాదురా, తెర మీద అంకెలు. నేను ఈ గోడ మీద బొగ్గుతో కోటి రాస్తా, తీసుకుంటావా? నిన్న రాత్రి పోయిన 2,000 సంగతి చూడు. ఎంత త్వరగా చెబితే అంత మంచిది, ఆ ట్రేడర్సోడి ఖాతాలో ఇంకా ఉంటే ఆపిస్తారు, వాడు తీసేసుకున్నాక ఏముంటుంది ఆపటానికి.

చింటు: అది ఎంటర్‌ప్రైజెస్ నాయనమ్మా, ట్రేడర్స్ ఇవాళ్టిది.

నాయనమ్మ: నోర్మూసుకుని ఫొటోలు తియ్, వాడు తలుపేసేలోపు. బ్యాలెన్సు, ఆ పెండింగ్ పేజీ, చాట్ మొత్తం, డబ్బు వేసిన ప్రతి యూపీఐ పేరు, నీ ఫోన్లో ఆ 12 అంకెల నంబర్లు.

చింటు: (స్క్రీన్‌షాట్లు కొడుతూ) మా ఫ్రెండ్‌కి ఒకడికి నిజంగానే వచ్చాయి తెలుసా, 6,000. వారానికి వాడి బ్యాంకు ఖాతానే ఫ్రీజ్ అయింది. వాడికి వేసిన ఖాతా ఇంకెవర్నో మోసం చేసిన డబ్బుదంట, పోలీసులు వరసగా అన్నీ ఆపేశారు. జీతం కూడా అందులోనే ఇరుక్కుంది.

నాయనమ్మ: ఇది ముందు తెలిసే ఆడావా?

చింటు: ...చాట్‌లో నన్ను బ్లాక్ చేశాడు నాయనమ్మా.

నాయనమ్మ: ఫొటోలు?

చింటు: అయిపోయాయి.

నాయనమ్మ: అయితే కొట్టు 1930. వాడు ఏదైనా యాప్ వేసుకోమన్నాడా, ఫోన్ మొత్తం వాడికి కనపడేది?

చింటు: ఎనీడెస్క్ పంపాడు. వేసుకోలేదు, డేటా అయిపోయింది.

నాయనమ్మ: మొదటిసారి నీ పేదరికం పనికొచ్చింది. ఒరేయ్, ఇంతకీ మొదట వేసిన ఆ 5,000 ఎక్కడివి?

చింటు: (ఫోన్ చెవిన పెట్టుకుని) లైన్లో ఉన్నా నాయనమ్మా, ఒక్క నిమిషం...

నాయనమ్మ: నా మందుల డబ్బాలో అడుగున పెట్టిన కవరు పోయిన నెల నుంచి పల్చగా ఉంది.

చింటు: అది... అండర్ రివ్యూ.

(గోంగూర కాడల కట్ట చింటు వీపు మీద వెంటనే క్రెడిట్ అయింది.)