ఎండకు ముడుచుకున్న టమాట ఆకుకు వైరస్ అని పేరు పెట్టేటోళ్లకు

ఎండలు ముదిరినయ్, టమాట ఆకులు ముడుచుకున్నయ్, మందుల దుకాణాలకు మళ్ల పండగ వచ్చింది.

ఇయ్యాల పొద్దున పక్కింటి వదిన రెండు ఆకులు, గుప్పెడు రాలిన పూలు కవర్ల ఏసుకొని దుకాణానికి పోయింది. దుకాణపాయన కవర్ ముడి కూడ ఇప్పలే. "వైరస్ మేడం" అన్నడు, తెల్లదోమ మందు ఒక సీస, పూత నిలబడే హార్మోను ఒక సీస, 19-19-19 ఎరువు ప్యాకెట్ ఒకటి చేతుల పెట్టిండు. దాబా మీద ఉన్నది ఒక్కటంటే ఒక్క చెట్టు! ఎకరం మిర్పతోటకు సరిపోయే సరంజామ ఒక గ్రో బ్యాగుకు. డాక్టర్ అయితే కనీసం నాలుక బయటపెట్టమంటడు గద.

అసలు ఆకును చూస్తే తెల్వదా? వైరస్ ముడత పైనుంచి మొదలైతది. చిగురు ఆకులు చిన్నగయితయి, అంచులు పసుపు పచ్చగయితయి, ఆకు మీద బొబ్బలు లేచినట్టు ఉంటది, కణుపులు దగ్గర దగ్గరకొచ్చి చెట్టు గిడసబారుతది. ఎండ ముడత కింది నుంచి మొదలైతది. ముదురు ఆకులు రెండంచులు పైకి లేపుకొని పొడుగ్గ గొట్టం లెక్క చుట్టుకుంటయి, ముట్టుకుంటే తోలు లెక్క మందంగ ఉంటయి, కాని రంగు మాత్రం పచ్చగనే ఉంటది. నీళ్లు ఆవిరి కాకుండ చెట్టు తనను తాను కాపాడుకుంటున్నదన్నట్టు. వదిన తెచ్చిన ఆకులు రెండూ కింది కొమ్మవే, రెండూ పచ్చగనే ఉన్నయ్. పైన చిగురు సాఫుగ ఉన్నది. ఇగ వైరస్ ఎక్కడిది? ఒకవేళ నిజంగ వైరసే అయినా, దోమ మందు దాన్ని మోసుకొచ్చే తెల్లదోమనే చంపుతది, చెట్టు లోపల చేరిన వైరస్‌ను ఏం చెయ్యలేదు. గది దుకాణపాయనకు తెల్వకనా?

ఇగ "పూత రాలుతున్నది, బలం తక్కువైంది" అనే ముచ్చట. బలం ఎక్కువైతే కూడ రాలుతది తల్లీ! రాలిన పువ్వును చేతిల పట్టుకొని చూడండి, తొడిమ మధ్యల ఉన్న కణుపు కాడ కోసినట్టు నున్నగ తెగి ఉంటది. గింజ కట్టదు అని తేలినంక చెట్టే దాన్ని వదిలేస్తది. ఎందుకు కట్టదంటే పుప్పొడి చచ్చింది కాబట్టి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి 24కు దిగకపోతే టమాట పుప్పొడి పనికిరాకుండ పోతది. నల్లగొండల, పాలమూరుల ఏప్రిల్, మే నెలల్ల పగలు 40 దాటుతది, రాత్రి 26, 27 కంటే కిందికి రానంటది. అందరు పగటి ఎండనే తిడుతరు గని, అసలు దెబ్బ కొట్టేది రాత్రి ఉక్క. రాత్రి పదింటికి చెప్పుల్లేకుండ దాబా మీద నిలబడి చూడండి, స్లాబు ఇంకా కాల్తనే ఉంటది. దాని మీదనే పెడితిమి మన బ్యాగు.

ఇంకొక చిన్న పరీక్ష. పొద్దున తొమ్మిదింటప్పుడు విచ్చిన పువ్వును నల్ల ఫోన్ స్క్రీన్ మీదికి వంచి గోటితోని మెల్లగ కొట్టండి. పసుపు పొడి రాలితే ఆశ ఉన్నట్టు. ఏం రాలకపోయినా, పువ్వు నడుమ పసుపు గొట్టాన్ని దాటి సన్నటి ఆకుపచ్చ సూది బయటికి పొడుచుకొచ్చినా, ఆ పువ్వు మీద ఆశ వదులుకోండి. హార్మోను కొడితే చచ్చిన పుప్పొడి లేచి రాదు. మహా అయితే గింజల్లేని బోలు కాయ ఒకటి అర కడుతది. మోతాదు ఎక్కువైతే ఆ హార్మోనుకే చిగురు మెలికలు తిరుగుతది. అప్పుడు మళ్ల దుకాణానికి పోతే "చెప్పిన గద, వైరస్" అంటడు! ఎంత మంచి యాపారం.

ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. పుప్పొడి పాడయ్యేది పువ్వు విచ్చిన రోజు కాదు, అది ఇంకా మొగ్గగ ఉన్నప్పుడు, వారం పది రోజుల ముందే. కాబట్టి ఇయ్యాల వాన పడి చల్లబడ్డా వచ్చే వారమంత పూత రాలుతనే ఉంటది. ఆ వారంల చేసిన ప్రతి మందూ దండగనే, ఆ తర్వాత నిలబడ్డ కాయకు పేరు మాత్రం మందుకే.

మరి చెయ్యాల్సింది ఏంది? మొదలు బ్యాగును కదిలించుండ్రి. తూర్పు పిట్టగోడను ఆనుకొని పెడితే మధ్యాహ్నం ఎండంత దాని మొఖానే. పడమటి పిట్టగోడ లోపలి పక్కకు జరిపితే మూడింటికల్ల గోడ నీడ బ్యాగు మీద పడుతది, పైస ఖర్చు లేదు. కింద రెండు ఇటుకలు పెట్టి స్లాబుకు తగలకుండ లేపండి. నల్ల బ్యాగు అయితే చుట్టూ తడి గోనెసంచి కట్టండి, మట్టి మీద రెండంగుళాల మందం పల్లి పొట్టో వరిగడ్డో పరవండి. 50 శాతం గ్రీన్ నెట్‌ను చెట్టుకు రెండడుగుల ఎత్తుల కట్టండి, ఆకులకు ఆనించి కప్పితే లోపల ఉక్క ఇంకా పెరుగుతది.

నీళ్లు పొద్దున ఆరింటికే, బ్యాగు అడుగు రంధ్రాల నుంచి కారేదాంక. పన్నెండు అంగుళాల బ్యాగుకు పొద్దూకినంక వేలు రెండంగుళాలు దించి చూసి, పొడిగ ఉంటేనే మళ్ల పొయ్యండి. మధ్యాహ్నం చెట్టు వాలిందని ఆగమై ట్యాంకు నల్ల ఇప్పకండి, పైపుల నిలబడ్డ నీళ్లు చెయ్యి కాలేటట్టు ఉంటయి. సాయంత్రానికి లేస్తే అది ఎండ వాలుడే. పొద్దున కూడ వాలే ఉండి మట్టి తడిగ ఉంటే వేరు మురుగుతున్నదని లెక్క, అప్పుడు నీళ్లు బంద్.

వారం వారం ఆవపిండి నీళ్లు పోసేటోళ్లు ఆపండి. నత్రజని ఎక్కువైతే ఆకు ఇంకా ముడుస్తది, పూత ఇంకా రాలుతది. ముడుచుకున్న ఆకులు కత్తిరిస్తే కూడ అంతే, కాబట్టి కత్తెర లోపల పెట్టండి. చుట్టుకున్న పాత ఆకు మళ్ల విచ్చుకోకపోవచ్చు, కొత్తది సాఫుగ వస్తే చాలు.

ఇంత చెప్పినా "మే నెలల్నే కాయ కాయాలె" అని పట్టుబట్టేటోళ్లుంటరు. వీళ్లే జులై రాంగనే "టమాట రేటు ఏంది, దళారులు దోచుకుంటున్నరు" అని స్టేటస్‌లు పెడతరు. 2023 జులైల కిలో వంద రూపాయలు దాటినప్పుడు ఎంత లొల్లి! అరే, మే నెలల మన దిక్కు చేన్లల్ల కూడ మీ దాబా మీద రాలినట్టే పూత రాలింది, ఇగ జులైకి కాయ ఎక్కడినుంచి వస్తది? ఆ రోజులల్ల మదనపల్లె నుంచి లారీ రావాలె, అది దాదాపు 700 మీటర్ల ఎత్తు మీద ఉంటది, రాత్రి చల్లబడుతది, కాబట్టి పూత నిలబడుతది. చలికాలంల ఇక్కడి రైతు రేటు లేక రోడ్డు మీద పారబోసినప్పుడు మాత్రం ఒక్కడు స్టేటస్ పెట్టడు. గంపకు గంప కొని ఒరుగులు ఎండబెట్టుకోమంటే "టైమ్ లేదు" అంటరు.

మృగశిర వచ్చేటప్పటికి నారు సిద్ధంగ ఉండేటట్టు మే మధ్యల గింజలు పోసుకోండి, నారును నీడల పెంచండి. ఇప్పుడున్న చెట్టు పచ్చగ ఉంటే పీకకండి, వానలు పడి రాత్రులు చల్లబడ్డంక అదే మళ్ల కాస్తది. అప్పటిదాంక పప్పుల చింతచిగురు ఏసుకోండి, మామిడికాయ ఏసుకోండి. దుకాణపాయన గల్లల మాత్రం పైసలు ఏయకండి.