ఒక్క వరుస దేనికి? ఫార్ములా ఆ తర్వాత

‘మా అపార్ట్‌మెంట్‌లో ఏప్రిల్ మెయింటెనెన్స్ ఎవరెవరు కట్టలేదో తెలియాలి, ఎక్సెల్ ఫార్ములా చెప్పండి.’ ప్రశ్న అంతే. ఏ కాలమ్‌లో ఏముందో, వాటి హెడింగులేమిటో చెప్పరు. నమూనాకు రెండు వరుసలైనా చూపరు. అడిగినవారిని తప్పుపట్టలేం. షీటు వారి ముందే తెరిచి ఉంది, అందులో ఏముందో వేరే చెప్పాలని తోచదు. నా అభ్యంతరమల్లా క్షణంలో ఫార్ములా రాసి పంపేవారితోనే. వారు తమ మనసులో ఒక షీటును ఊహించుకుని దానికి జవాబు చెబుతారు.

నన్నడిగితే మొదటి ప్రశ్న కాలమ్‌ల పేర్ల గురించి కాదు, ‘మీ షీటులో ఒక్క వరుస దేనికి?’ అన్నది. ఒక్కో ఫ్లాటుకు ఒక్కో వరుస ఉండి నెలలు అడ్డంగా కాలమ్‌లుగా పరిచి ఉంటే ఫార్ములాతో పనే లేదు. ఏప్రిల్ కాలమ్‌కు ఫిల్టర్ పెట్టి ఖాళీ సెల్స్ చూస్తే సరిపోతుంది. అలా కాక, డబ్బు అందిన ప్రతిసారీ కింద ఒక వరుస చేర్చుకుంటూ పోతే లెక్క వేరు. అప్పుడు కట్టనివారికి ఆ జాబితాలో వరుసే ఉండదు. లేనివారిని పట్టుకోవాలంటే ఫ్లాటు నంబర్లన్నీ ఉన్న మరో జాబితా కావాలి. అది E కాలమ్‌లో, చెల్లింపు తేదీ Aలో, ఫ్లాటు నంబరు Bలో ఉన్నాయనుకుందాం:

```
=COUNTIFS(B:B,E2,A:A,">="&DATE(2025,4,1),A:A,"<"&DATE(2025,5,1))
```

సున్నా వస్తే ఆ ఫ్లాటువారు ఏప్రిల్‌లో కట్టలేదన్నమాట. ఫార్ములాలో తప్పేమీ లేదు. అయినా ఇది అబద్ధం చెప్పగలదు.

కంప్యూటర్ ప్రాంతీయ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉందనుకోండి. ఏప్రిల్ 5 అనుకుని 05/04/2025 అని టైపు చేస్తే ఎక్సెల్ దాన్ని మే 4గా తీసుకుంటుంది. 25/04/2025 అని కొడితే ఇరవై అయిదో నెల లేదు కనుక దాన్ని తేదీగా కాక, అక్షరాలుగా ఉంచేస్తుంది. రెండూ ఏప్రిల్ లెక్కలోకి రావు. నిజానికి ఆ నెలలో కట్టినవారిలో సరిగ్గా 4వ తేదీన కట్టినవారు మాత్రమే నిలుస్తారు, ఎందుకంటే 04/04 ఎటు తిప్పినా ఒకటే. పైగా మే 4న కట్టినవారు 04/05 కారణంగా ఏప్రిల్ 5న కట్టినట్టు లెక్కకు వస్తారు. ఎర్రర్ మాత్రం ఒక్కటీ కనిపించదు. ఆ జాబితాను నోటీసు బోర్డుకు అంటిస్తే, ఠంచనుగా కట్టినవారి పేర్లు దాదాపు అన్నీ బాకీదారుల్లో చేరతాయి. ఆ తర్వాత జరిగే సర్వసభ్య సమావేశం ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు.

కంటితో చూస్తే ఇది దొరకదు, మే 4గా మారిన తేదీ కూడా 5/4/2025 అనే కనిపిస్తుంది మరి. అందుకే రెండో ప్రశ్నగా ఒక చిన్న పరీక్ష చేయించాలి. పక్కన ఖాళీ సెల్‌లో `=ISNUMBER(A2)` అని, దాని పక్కన `=MONTH(A2)` అని రాసి కిందికి లాగమనాలి. మొదటిదానికి FALSE వచ్చిన చోట ఉన్నది తేదీ కాదు. రెండోదానికి 4 రావలసిన చోట 5 వస్తే రోజూ నెలా తారుమారయ్యాయి. నమూనా వరుసలను కొత్తగా టైపు చేసి పంపితే ఈ లోపాలు చెరిగిపోవచ్చు. ఫ్లాటు నంబరు చివర మిగిలిన ఖాళీ వంటిదయితే ఫోటోలోనూ కనిపించదు. షీటుకు ఒక నకలు తీసి, అందులో పేర్లూ ఫోన్ నంబర్లూ మాత్రం మార్చి, మిగతాది ఉన్నదున్నట్టు పంపమనడం మేలు.

ఇక మూడోది. నాలుగైదు ఫ్లాట్లకు జవాబు ఏం రావాలో చేత్తో రాసి ఇమ్మనాలి. చాలామంది దీన్ని అడగరు కానీ, అసలు సంగతి బయటపడేది ఇక్కడే. నెలకు 2,500 కట్టవలసిన 302వారు 1,500 మాత్రమే ఇచ్చారు. కార్యదర్శి వారి పక్కన ‘బాకీ’ అని రాస్తారు. పై ఫార్ములా మాత్రం ఒక చెల్లింపు కనిపించింది కనుక కట్టినట్టే లెక్కిస్తుంది. అంటే ఎన్నిసార్లు కట్టారన్నది కాదు, ఎంత కట్టారన్నది కావాలి. `COUNTIFS` బదులు మొత్తాన్ని కూడే `SUMIFS` రాసి, అందులో అన్నిటికంటే ముందు డబ్బు అంకెలున్న కాలమ్‌ను చేర్చి, వచ్చినదాన్ని 2,500తో పోల్చాలి.

405వారి సంగతి ఇంకా చిక్కు. జనవరిలోనే 10,000 ఇచ్చి ఏప్రిల్ దాకా నాలుగు నెలలవీ తీర్చేశారు. కార్యదర్శి తడుముకోకుండా ‘కట్టారు’ అని రాస్తారు, ఎందుకంటే ఆయనకు గుర్తుంది. షీటులో ఉన్నది జనవరి తేదీ, 10,000 అంకె మాత్రమే. అది ముందస్తు చెల్లింపో, పాత బకాయిల వసూలో చెప్పే గడి అందులో ఎక్కడా లేదు. ఇక్కడ ఎంత తిరకాసు ఫార్ములా రాసినా లాభం లేదు. ‘ఏ నెల నుంచి’, ‘ఏ నెల వరకు’ అని రెండు కాలమ్‌లు చేర్చి, పాత రసీదులు ముందేసుకుని నింపుకోమని చెప్పడమే సరైన జవాబు.