ఏడు రోజుల మహిమ

వస్తువు అందాన్ని వర్ణించడం ఎవరికైనా వస్తుంది. అసలు పాండిత్యం అమ్మకపు పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో ఉంటుంది. మా సంస్థలో ఆ శాఖ నాది. ఇన్నేళ్ల సాధన ఫలం ఈ మూడు ముక్కలు: “2 రోజుల్లో పంపుతాం. 7 రోజుల్లో వాపసు. 1 సంవత్సరం వారంటీ, షరతులు వర్తిస్తాయి.” ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఏ రోజును ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో మాత్రం చెప్పలేదు. విద్యంతా అక్కడే ఉంది.

ఒకాయన 1వ తేదీన టేబుల్ ల్యాంపు ఆర్డర్ చేశారు. 3వ తేదీన అది మా గోదాము దాటింది. మాట నిలబెట్టుకున్నాం, పంపుతామన్నామే గాని చేరుస్తామని అనలేదు కదా. 9వ తేదీన ఆయన చేతికి అందింది. స్విచ్ పనిచేయలేదు. వాపసు అడిగితే, గడువు ఆర్డర్ నాటి నుంచే మొదలై 8వ తేదీతో ముగిసిందని సవినయంగా తెలియజేశాం. పెట్టె విప్పకముందే వాపసు హక్కు కాలధర్మం చెందింది. “చేతికి రాని వస్తువును ఎలా తిప్పి పంపాలండీ?” అని ఆయన రాశారు. లోతైన ప్రశ్నే. అలాంటివాటికి మేము జవాబు ఇవ్వం.

పోనీ వారంటీ కింద బాగుచేయించుకుందామన్నారు. ఇచ్చింది మేమా, తయారీదారా? ల్యాంపు పంపే ఖర్చు ఎవరిది? ఆ రెండూ రాయకపోవడం వల్ల ఆయన మా ఇద్దరి మధ్య బంతిలా తిరిగి, చివరికి అలసిపోయారు. అలసటకు వారంటీ లేదు.

ఇంతలో మా కొంపకు నిప్పు పెట్టడానికి ఒక కుర్రవాడు ఉద్యోగంలో చేరాడు. నా మూడు ముక్కలు కొట్టేసి ఇలా రాశాడు:

“ఆర్డర్ చేసిన 2 రోజుల్లో బయలుదేరుతుంది, మామూలుగా 6 నుంచి 9 రోజుల్లో మీకు చేరుతుంది. చేతికి అందిన నాటి నుంచి 7 రోజుల్లోపు తిప్పి పంపవచ్చు; పెట్టె విప్పి వెలిగించి చూసినా పరవాలేదు. లోపముంటే రవాణా ఖర్చు మాది, నచ్చక పంపితే మీది. వస్తువు మాకు చేరిన 5 రోజుల్లో డబ్బు తిరిగి ఇస్తాం. చేతికి అందిన నాటి నుంచి ఏడాదిపాటు స్విచ్, తీగ చెడిపోతే తయారీదారు ఉచితంగా బాగుచేస్తారు. బల్బుకు, కింద పడి పగిలినవాటికి ఇది వర్తించదు. చట్టం మీకిచ్చిన హక్కులు వీటివల్ల తగ్గవు.”

చదవగానే అర్థమైపోతోంది! ఇక మనుషులు మాకు ఫోను ఎందుకు చేస్తారు? బల్బు సంగతి ముందే చెప్పేశాడు, నచ్చకపోతే ఖర్చు మీదేనని మొహం మీదే అన్నాడు. చెడ్డ కబురు ఇలా కొనకముందే చెప్పడం మా వంశాచారం కాదు.

పైగా “షరతులు వర్తిస్తాయి” ఎందుకు తీసేశావని నిలదీస్తే, ఆ షరతుల కాగితం ఒకసారి చూపించమన్నాడు. మూడు రోజులుగా కార్యాలయమంతా వెతుకుతున్నాం.