సవరణ: కార్డు స్టేట్‌మెంట్‌లో తెలియని పేరు

"స్టేట్‌మెంట్‌లో తెలియని పేరుంటే అది మోసమే, వెంటనే కార్డు బ్లాక్ చేయించండి" అని నిరుడు రాశాను.

అది తప్పు. కార్డు చెల్లింపుల విభాగంలో పనిచేసే ఒక బ్యాంకు ఉద్యోగి వివరించారు. స్టేట్‌మెంట్‌లో పడేది దుకాణం బోర్డు మీది పేరు కాకపోవచ్చు. కార్డు మెషీనుకు దరఖాస్తు చేసినప్పుడు ఇచ్చిన సంస్థ పేరు అక్కడ పడుతుంది. ఊరు కూడా ప్రధాన కార్యాలయానిదే కావచ్చు. మా ఇంట్లో గాభరా పెట్టిన 1,180 రూపాయలు అలాంటివే: టిఫిన్ తిన్నది కూకట్‌పల్లిలో, స్టేట్‌మెంట్‌లో ఉన్నది ముంబయి కంపెనీ. ఆ రోజు వచ్చిన ఎస్సెమ్మెస్ సమయం, బిల్లు మీది సమయం ఒక్కటే.

ఆన్‌లైన్ కొనుగోళ్లలో తరచుగా ముందు చెల్లింపు సంస్థ పేరు, నక్షత్రం గుర్తు, తర్వాత అమ్మకందారు పేరు వస్తాయి. ఉదాహరణకు `PAYPAL *`. చోటు పాతిక అక్షరాలకు మించదు కాబట్టి అసలు పేరు సగంలో తెగిపోవచ్చు. అందుకని పేరుకు బదులు పైసలతో సహా మొత్తాన్ని ఈమెయిల్‌లో వెతకండి. చెల్లింపు తేదీకి, స్టేట్‌మెంట్‌లో నమోదైన తేదీకి రెండు మూడు రోజుల తేడా ఉండవచ్చు.

అయినా తేలకపోతే బ్యాంకును ఆ చెల్లింపు `ARN`, అంటే ఎక్వైరర్ రిఫరెన్స్ నంబర్, అడగండి. ఈ 23 అంకెల సంఖ్యతో అమ్మకందారు తరఫు బ్యాంకు ఏదో తెలుస్తుంది. చెల్లింపు ఇంకా పెండింగ్‌లో ఉంటే ఈ సంఖ్య రాదు.

మీరు అడగని ఓటీపీ సందేశాలు వరుసగా వస్తున్నా, మీరు చేయని చెల్లింపని తేలినా మాత్రం కార్డును అప్పటికప్పుడే బ్లాక్ చేయించండి.