ఏడు పేజీల స్వాగతం

(హైదరాబాదులో ఒక వంటిల్లు. మర్నాడు రాత్రి వరంగల్ ఆర్‌ఈసీ పాత విద్యార్థుల విందు. స్వాగతోపన్యాసం ఆయనది. వినే కర్మ ఆవిడది.)

ఆయన: కాస్త ఆ మిక్సీ ఆపి వినవోయ్. "1959 అక్టోబరు 10న పండిట్ నెహ్రూ గారి అమృత హస్తాల మీదుగా శంకుస్థాపన జరుపుకున్న మన విద్యాలయం..."

ఆవిడ: మీరు చేరిందెప్పుడు?

ఆయన: 1982.

ఆవిడ: నెహ్రూ గారి దగ్గర బయల్దేరి మీ దగ్గరికి వచ్చేసరికి అక్కడ కబాబులు చల్లారిపోతాయి.

ఆయన: దేశంలో మొట్టమొదటి రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ! 2002లో ఎన్‌ఐటీ అయింది! చెప్పొద్దూ?

ఆవిడ: చదివినవాళ్ళకి తెలిసిందే. తెలియంది వెంట వచ్చిన మాలాంటి వాళ్ళకి. మాకు ఆకలి. ఎంతసేపిచ్చారు మీకు?

ఆయన: మూడు నిమిషాలు.

ఆవిడ: నిమిషానికి నూరు మాటలన్నా మూడు వందలు. మధ్యలో నవ్వులూ చప్పట్లూ పోను రెండొందల యాభై. ఒక పేజీ చాలు. మీరు రాసింది ఏడు!

ఆయన: అందులో రెండు పేజీలు కృతజ్ఞతలే.

ఆవిడ: వందన సమర్పణకి ఇంకొకాయన ఉన్నాడన్నారుగా? ఆయన పొట్ట కొట్టకండి. ఇటివ్వండి... ఇదేంటి, "మన పకోడీ గాడు"?

ఆయన: వాడా! చీఫ్ ఇంజనీరుగా రిటైరయ్యాడు. నాలుగేళ్ళూ వాణ్ణి పకోడీ అనే పిలిచాం.

ఆవిడ: రేపు ఆయన పక్కన కోడలూ, మనవడూ కూర్చుంటారు. ఫోన్ చేసి అడగండి. ఊఁ అంటే సరే, నసిగితే కొట్టేయండి.

ఆయన: (గొణుగుతూ) నసుగుతాడు. పెళ్ళికే మమ్మల్ని పిలవలేదు, ఆ పేరు బయటపడుతుందని.

ఆవిడ: చివర్లో ఇదేంటి? పోయిన స్నేహితుల పేర్లు చదివి, ఆ వెంటనే "ఇక భోజనానికి దయచేయండి" అని రాశారు!

ఆయన: పేర్లు చదవకుండా ఎలా?

ఆవిడ: చదవాలి. పలకరింపు అయిన వెంటనే చదవండి. విశేషణాలొద్దు, ఉత్త పేర్లు. అందరూ లేచి అర నిమిషం నిలబడతారు. ఆ తర్వాత నవ్వించడానికి మీకు వ్యవధి ఉంటుంది. చివర పెడితే ప్లేటు పట్టుకోవడానికి ఎవరికీ చెయ్యి రాదు.

ఆయన: (దిద్దుకుంటూ) సరే. మరి జ్ఞాపకాలు? తొమ్మిది రాశాను. మొదటిది మా హాస్టల్ వింగులో గోంగూర జాడీ కథ...

ఆవిడ: మీ వింగులో వాళ్ళు ఎంతమంది వస్తున్నారు రేపు?

ఆయన: ముగ్గురు.

ఆవిడ: మిగతావాళ్ళు ఆ ముగ్గురు నవ్వడం చూస్తూ కూర్చోవాలా? పైగా సగం సీట్లు బయటి రాష్ట్రాల వాళ్ళవేనని మీరే చెబుతారు. బెంగాలీకీ, మలయాళీకీ, మీకూ, అందరికీ ఉన్నది ఒక్కటి చెప్పండి.

ఆయన: అందరికీ అంటే... కాజీపేట స్టేషనే.

ఆవిడ: స్టేషన్లో ఏముంది?

ఆయన: టీ! రాత్రి ఒంటిగంటకి హాస్టల్లో ఎవడిస్తాడు? అది జంక్షను, రాత్రంతా బళ్ళు వస్తూనే ఉంటాయి, టీ స్టాలు మూయరు. పరీక్షలప్పుడు ఒక్క సైకిలు మీద ముగ్గురం వెళ్ళేవాళ్ళం. ప్లాట్‌ఫారం టికెట్టు కొంటే టీకి డబ్బుల్లేవు, టీ తాగితే టికెట్టుకి లేవు.

ఆవిడ: మరి?

ఆయన: టీ తాగేవాళ్ళం. ఓ రాత్రి టీసీ పట్టుకున్నాడు. మా కేరళవాడు తెలుగు రానట్టు, నేను ఇంగ్లీషు రానట్టు, బెంగాలీవాడు అసలు చెవులే వినిపించనట్టు! ఆయన ముగ్గురినీ వరసగా చూసి, "ఆర్‌ఈసీయేనా? రేపే పేపరు?" అని బెంచీ మీద జరిగి చోటిచ్చాడు. తన టీ కూడా మాచేతే తెప్పించాడు!

ఆవిడ: (నవ్వాపుకోలేక) పెళ్ళై ఇన్నేళ్ళయింది, నాకెప్పుడూ చెప్పలేదేం? ఈ ఏడు పేజీల్లో ఇదెక్కడుంది?

ఆయన: ఆరో పేజీలో. "కాజీపేట మధుర స్మృతులు మరపురానివి."

ఆవిడ: ఇంతేనా! టీసీ లేడు, సైకిలు లేదు, చెవిటివాడు లేడు!

ఆయన: హుందాగా ఉంటుందనీ...

ఆవిడ: ఇప్పుడు నాకు చెప్పినట్టే చెప్పండి. బయటివాళ్ళ కోసం ఇంగ్లీషులో చెప్పినా, టీసీ మాట మాత్రం తెలుగులోనే అనండి. ఆ మాత్రం తెలుగు నాలుగేళ్ళలో వాళ్ళకీ పట్టుబడే ఉంటుంది. చెప్పేసి, "ఇవాళ టికెట్టు అడిగే టీసీ లేడు, రండి" అని దిగిపోండి.

ఆయన: మరి మా బ్రాంచిలో నాకు రెండో ర్యాంకు వచ్చిన సంగతి?

ఆవిడ: మొదటి ర్యాంకు ఆయన వస్తున్నాడా?

ఆయన: ...వస్తున్నాడు.

ఆవిడ: ఆయన చెబుతాడు లెండి.